ఎంఎక్స్ రికార్డులు, ప్రయారిటీ అంకెలు: వ్యాపార మెయిల్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని చిన్న వ్యాపారాలకు డొమైన్, మెయిల్ ఏర్పాట్లు చేసిపెట్టడం నా పని. గవర్నర్‌పేటలోని ఆడిటర్ కార్యాలయమైనా, ఆటోనగర్‌లోని విడిభాగాల దుకాణమైనా, గుంటూరు మిర్చి ఎగుమతిదారైనా మెయిల్‌ను కొత్త ప్రొవైడర్‌కు మార్చే రోజున దాదాపు ఇవే సందేహాలతో ఫోన్ చేస్తారు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్నను నేరుగా చదువుకోవచ్చు. ఉదాహరణల్లో `example.com` అని ఉన్నచోట మీ డొమైన్ పేరు పెట్టుకోండి.

## మొదలుపెట్టే ముందు

మా వెబ్‌సైట్ బాగానే తెరుచుకుంటోంది. మెయిల్‌కు మళ్లీ వేరే రికార్డు ఎందుకు?

వెబ్‌సైట్ ఏ కంప్యూటర్‌లో ఉందో చెప్పేది `A` రికార్డు. మీ డొమైన్‌కు వచ్చే ఉత్తరాలను ఎవరికి అందించాలో చెప్పేది `MX` రికార్డు. దుకాణం బీసెంట్ రోడ్డులో ఉన్నా, సరుకును గొల్లపూడి గోదాముకు దింపమని లారీవాళ్లకు చెప్పవచ్చు కదా, అలాంటిదే ఇది. మీకు ఎవరైనా మెయిల్ పంపితే వాళ్ల సర్వర్ ముందుగా మీ డొమైన్ ఎంఎక్స్ రికార్డులను అడిగి తెలుసుకుంటుంది. అందులో ఉన్న సర్వర్‌కే ఉత్తరాన్ని అప్పగిస్తుంది. మీరు గూగుల్ వర్క్‌స్పేస్‌కు డబ్బు కట్టి మెయిల్‌బాక్సులు తెరిచినా, ఎంఎక్స్ రికార్డు పాత హోస్టింగ్‌నే చూపిస్తుంటే బయటినుంచి వచ్చే ఉత్తరాలన్నీ అక్కడికే పోతాయి.

డొమైన్ ఒక కంపెనీలో కొన్నాం, హోస్టింగ్ ఇంకొకరి దగ్గర ఉంది. రికార్డు ఎక్కడ మార్చాలి?

డొమైన్ ఎక్కడ కొన్నారన్నది ముఖ్యం కాదు. మీ డొమైన్ రికార్డులను దాచుకుని అడిగినవారికి చెప్పే నేమ్‌సర్వర్లు ఎవరివో చూడాలి. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా అడగండి:

```
nslookup -type=ns example.com
```

జవాబులో వచ్చే పేర్లు ఏ కంపెనీవైతే ఆ కంపెనీ లాగిన్‌లోనే మార్చాలి. మిగతా చోట్ల కూడా రికార్డులు రాసే డీఎన్ఎస్ పేజీ కనిపిస్తుంది, రికార్డు చేర్చనిస్తుంది, సేవ్ అయిందని కూడా చెబుతుంది. కాని ఆ పేజీని లోకంలో ఎవరూ చదవరు. రెండు రోజులు ఎదురుచూసి, ఇంకా మారలేదని ఫోన్ చేసేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

మార్చే ముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

ముందు అన్ని చిరునామాలనూ కొత్తచోట తెరవండి. `info`, `sales`, `accounts` లాంటి ఉమ్మడి చిరునామాలనూ, ఎప్పుడో మానేసిన ఉద్యోగి పేరుమీద ఇంకా ఉత్తరాలు వస్తున్న చిరునామానూ మర్చిపోకండి. కొత్త ప్రొవైడర్ దగ్గర లేని చిరునామాకు ఉత్తరం వస్తే ఆ సర్వర్ 550 అనే శాశ్వత తిరస్కారం చెబుతుంది. పంపినవారికి అది వెంటనే తిరిగి వెళ్లిపోతుంది, మళ్లీ ప్రయత్నం ఉండదు.

తరువాత పాత ఎంఎక్స్ రికార్డు టీటీఎల్ చూడండి. ఆ జవాబును ఇతర సర్వర్లు ఎన్ని సెకన్లపాటు గుర్తుంచుకోవచ్చో చెప్పే అంకె అది. సీప్యానెల్ అనే నిర్వహణ పేజీతో వచ్చే చాలా హోస్టింగుల్లో 14400 ఉంటుంది, అంటే నాలుగు గంటలు. మార్పుకు ఒకరోజు ముందే దాన్ని 300 చేస్తే అసలు మార్పు నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది.

## అంకెల సంగతి

ప్రయారిటీ 10 పెద్దదా, 1 పెద్దదా? ఎక్కువ అంకె ఇస్తే ఎక్కువ ప్రాధాన్యమా?

చిన్న అంకెదే ముందు వరుస. దీన్ని మార్కుల్లా చూడకండి, ర్యాంకులా చూడండి. ప్రవేశ పరీక్షలో ఒకటో ర్యాంకు వచ్చినవారినే కౌన్సెలింగ్‌కు ముందు పిలుస్తారు, పదో ర్యాంకువారు తరువాత వస్తారు. ఎంఎక్స్‌లో ఇంకో మెట్టు కూడా ఉంది. ఒకటికన్నా ముందు సున్నా ఉంటుంది. 0 నుంచి 65535 వరకు ఏ అంకెనైనా ఇవ్వవచ్చు. పంపే సర్వర్ అన్నిటికన్నా చిన్న అంకె ఉన్న సర్వర్ తలుపు ముందు తడుతుంది. అక్కడ ఎవరూ పలకకపోతేనే తరువాతి అంకెకు వెళ్తుంది.

ఒక ప్రొవైడర్ 1 ఇమ్మన్నారు, ఇంకొకరు 10, 20, 50 ఇమ్మంటున్నారు. ఏది సరైనది?

రెండూ సరైనవే. అంకెల మధ్య దూరానికి అర్థం లేదు, క్రమం ఒక్కటే లెక్క. 10, 20, 50 అన్నా 1, 2, 3 అన్నా పంపే సర్వర్‌కు ఒకటే. గూగుల్ ఇప్పుడు `smtp.google.com` అనే ఒకే పేరును 1తో ఇమ్మంటోంది. అంతకుముందు ఇచ్చిన `aspmx.l.google.com`తో మొదలయ్యే అయిదు రికార్డులు మీకు ఇప్పటికే ఉంటే అవీ పనిచేస్తాయి, కదిలించనక్కరలేదు. జోహో భారతదేశ ఖాతాలకు `mx.zoho.in` 10, `mx2.zoho.in` 20, `mx3.zoho.in` 50. మైక్రోసాఫ్ట్ 365 మీ డొమైన్ పేరుతోనే ఒక ప్రత్యేకమైన సర్వర్ పేరు ఇచ్చి, ప్రయారిటీ 0 పెట్టమంటుంది. మీ ప్రొవైడర్ అడ్మిన్ పేజీలో చూపిన అంకెలనే దింపుకోవడం మేలు. తరువాత ఎవరు సరిచూసినా సులభంగా పోల్చుకోగలరు.

పాత హోస్టింగ్ సర్వర్‌ను పెద్ద అంకెతో బ్యాకప్‌గా ఉంచితే మంచిదే కదా?

మంచిది కాదు. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేటట్లయితే ఇదే చదవమంటాను. ఎందుకో ఒక అనుభవంతో చెబుతాను.

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరలో కార్యాలయం ఉన్న ఒక ఎగుమతిదారు హోస్టింగ్‌తో వచ్చిన మెయిల్‌నుంచి గూగుల్ వర్క్‌స్పేస్‌కు మారారు. ఏడు చిరునామాలు తెరిచారు. వాళ్ల అబ్బాయి కొత్త రికార్డు తానే చేర్చాడు. పాతది ఉంటే నష్టమేమీ లేదని దాన్ని అలాగే వదిలేశాడు. అప్పుడు జాబితా ఇలా ఉంది:

```
example.com.   MX   0   example.com.
example.com.   MX   1   smtp.google.com.
```

మొదటి వరుస హోస్టింగ్ పెట్టిన పాత రికార్డు. సీప్యానెల్ కొత్త డొమైన్‌కు తనంతట తాను రాసుకునే రికార్డు ఇలాగే ఉంటుంది, దాని ప్రయారిటీ 0. గూగుల్ చెప్పిన 1 తప్పు కాదు. కాని 0 దానికన్నా ముందు నిలబడింది. అందువల్ల బయటి ఉత్తరాలన్నీ పాత సర్వర్‌కే వెళ్లాయి. తమలో తాము పంపుకున్న మెయిల్స్ మాత్రం గూగుల్ లోపలే అందేవి కాబట్టి అంతా బాగుందనుకున్నారు.

రెండు రోజులకు సంగతి తెలిసింది. అబ్బాయి పాత రికార్డును 20కి మార్చాడు. ఆ తరువాత ఉత్తరాలు గూగుల్‌కు వచ్చాయి, అందరూ స్థిమితపడ్డారు. అసలు నష్టం అప్పుడే మొదలైంది. శ్రీలంక కొనుగోలుదారు ఒకరు తొడిమ తీసిన తేజ రకానికి ధర అడుగుతూ మెయిల్ పంపారు. జవాబు రాకపోవడంతో పదకొండో రోజున ఫోన్ చేశారు. గూగుల్‌లో ఎంత వెతికినా ఆ ఉత్తరం లేదు, స్పామ్‌లోనూ లేదు. నేను పాత వెబ్‌మెయిల్ తెరిపించాను. అందులో ఉంది. దానితోపాటు మరికొన్ని ఉత్తరాలు, వాటికన్నా ఎన్నో రెట్లు స్పామ్ ఉంది.

ఎలా జరిగిందంటే, మొదటి సర్వర్‌తో మాట కలవనప్పుడు పంపే సర్వర్ రెండో అంకెకు వెళ్లవచ్చు. దానికి గూగుల్ మొత్తం పడిపోనక్కరలేదు. పంపేవారి వైపు నెట్ ఒక్క నిమిషం తడబడినా, లేదా మొదటి సర్వర్ ప్రస్తుతానికి ఆగి మళ్లీ రమ్మని నాలుగుతో మొదలయ్యే తాత్కాలిక జవాబు ఇచ్చినా చాలు. అప్పుడు 20 అంకె ఉన్న పాత సర్వర్ తలుపు తెరిచే ఉంది. అక్కడ ఆ మెయిల్‌బాక్స్ ఇంకా ఉంది కాబట్టి 250, అంటే సరే, అని సంతోషంగా తీసుకుంది. పంపినవారికి ఉత్తరం చేరలేదన్న సందేశం రాదు, మీకు ఉత్తరం రాదు. స్పామ్ పంపేవారైతే కావాలనే పెద్ద అంకె ఉన్న సర్వర్‌ను పట్టుకుంటారు, అక్కడ వడపోత బలహీనంగా ఉంటుందని వాళ్లకు తెలుసు.

బ్యాకప్ అనే మాట ఇక్కడ దారి తప్పిస్తుంది. జాబితాలో ఉన్న ప్రతి సర్వర్ చివరికి అదే మెయిల్‌బాక్స్‌కు చేర్చగలిగినదై ఉండాలి. జోహో ఇచ్చే మూడు పేర్లూ జోహోవే, ఎక్కడ ఇచ్చినా ఉత్తరం మీ జోహో ఇన్‌బాక్స్‌కే వస్తుంది. పాత హోస్టింగ్ సర్వర్‌కు మీ గూగుల్ ఇన్‌బాక్స్ సంగతి తెలియదు. తన దగ్గరున్న పెట్టెలో వేసుకుని ఊరుకుంటుంది. ఆ ఎగుమతిదారుకు 20 వరుసను పూర్తిగా తీసేశాం. పాత పెట్టెలోని ఉత్తరాలను కొత్తదానికి తరలించాం. శ్రీలంక ఆర్డర్ మాత్రం అప్పటికే వేరేవారికి వెళ్లిపోయింది.

రెండు ప్రొవైడర్లకూ ఒకే అంకె ఇస్తే రెండుచోట్లా మెయిల్ వస్తుందా?

రాదు. ప్రతి ఉత్తరం ఏదో ఒకచోటికే వెళ్తుంది. అంకె సమానమైతే పంపే సర్వర్ వాటిలో ఒకదాన్ని ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటుంది. ఒకే ప్రొవైడర్ తన సర్వర్ల మధ్య భారం పంచుకోవడానికి ఈ పద్ధతి వాడుతుంది. ఇద్దరు వేర్వేరు ప్రొవైడర్లను ఇలా పెడితే, పొద్దున కొటేషన్ ఒకచోట, మధ్యాహ్నం దానిమీద ప్రశ్న ఇంకోచోట పడతాయి.

యజమానులు ముగ్గురికే గూగుల్ కావాలి. మిగతా పదిమందికి హోస్టింగ్ మెయిలే చాలు. ప్రయారిటీతో ఇది కుదురుతుందా?

కుదరదు. ఎంఎక్స్ రికార్డు మొత్తం డొమైన్‌కు వర్తిస్తుంది, ఒక్కొక్క చిరునామాకు కాదు. అన్ని ఉత్తరాలూ ఒకే ప్రొవైడర్‌కు వచ్చి, తన దగ్గర లేని చిరునామాలవాటిని ఆ ప్రొవైడరే రెండో సర్వర్‌కు పంపేటట్టు అడ్మిన్ పేజీలో దారి ఏర్పాటు చేయవచ్చు. అది అన్ని ప్లాన్లలో ఉండదు, సంరక్షణ కూడా కావాలి. సిబ్బందికి `staff.example.com` వంటి ఉపడొమైన్ తీసి, దానికి విడిగా ఎంఎక్స్ రికార్డు ఇవ్వడం ఇంతకన్నా తేలిక. చిన్న కార్యాలయాలకు నేను ఇదే చెబుతాను.

బ్యాకప్ లేకుండా ఒక్క రికార్డే ఉంటే, ఆ సర్వర్ ఆగినప్పుడు ఉత్తరాలు పోవా?

పోవు. పంపే సర్వర్ ఉత్తరాన్ని తన వరుసలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మెయిల్ నియమావళి ప్రకారం కనీసం నాలుగైదు రోజులు వదలకుండా ప్రయత్నించాలి. కొన్ని సర్వర్లు అంతకన్నా ముందే మానుకుంటాయి, కాని ఒక పూట ఆగినంత మాత్రాన ఉత్తరం పోదు, ఆలస్యమవుతుంది. ఆలస్యంగా వచ్చిన ఉత్తరం కన్నా, ఎవరూ తెరవని పెట్టెలో పడిన ఉత్తరమే వ్యాపారానికి నష్టం.

## రికార్డు రాసేటప్పుడు

`Host` అనే పెట్టెలో ఏమి రాయాలి? డొమైన్ పేరంతా రాయాలా?

ఎక్కువచోట్ల `@` అని రాయాలి. దానికి మీ డొమైనే అని అర్థం. కొన్ని పేజీల్లో ఖాళీగా వదలాలి. పూర్తి పేరు రాస్తే ఆ పేజీ దాని చివర మళ్లీ డొమైన్‌ను తగిలించి `example.com.example.com` చేయవచ్చు. సర్వర్ పేరు రాసే పెట్టెలోనూ ఇదే ప్రమాదం ఉంది. `smtp.google.com` అని రాసి సేవ్ చేశాక జాబితాలో `smtp.google.com.example.com` అని కనిపిస్తే, చివర ఒక చుక్క పెట్టి `smtp.google.com.` అని రాయండి. పేరు అక్కడితో పూర్తయిందని ఆ చుక్క చెబుతుంది. సేవ్ చేసిన వెంటనే జాబితాను ఒకసారి అక్షరం అక్షరం చదువుకోవడం అలవాటు చేసుకోండి.

సర్వర్ పేరు బదులు ఐపీ చిరునామా ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. ఎంఎక్స్‌లో సర్వర్ పేరే ఉండాలి, ఆ పేరుకు `A` లేదా `AAAA` రికార్డు ఉండాలి. మరో పేరును చూపే `CNAME` రికార్డు ఉన్న పేరును ఇవ్వడం కూడా నియమానికి విరుద్ధం. కొన్ని సర్వర్లు సర్దుకుపోతాయి, కొన్ని ఉత్తరాన్ని తిప్పి పంపుతాయి. ఒకరి మెయిల్ వస్తూ మరొకరిది రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

పాతది ముందు తీసేయాలా, కొత్తది ముందు చేర్చాలా?

కొత్తది ముందు చేర్చి, అక్కడే కూర్చుని వెంటనే పాతది తీసేయండి. మధ్యలో టీకి లేవకండి. ఎంఎక్స్ రికార్డు ఒక్కటీ లేకపోతే మెయిల్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పంపే సర్వర్లు అప్పుడు డొమైన్ `A` రికార్డు చూపిన చోటికి, అంటే మీ వెబ్‌సైట్ ఉన్న హోస్టింగ్ సర్వర్‌కే ఉత్తరాన్ని తీసుకుపోతాయి. అక్కడ పాత మెయిల్‌బాక్సులు ఉంటే వాటిలో పడుతుంది.

## మార్చిన తరువాత

సరిగ్గా మారిందో లేదో నేనే ఎలా చూసుకోవాలి?

మీ కార్యాలయం నెట్ పాత జవాబును గుర్తుపెట్టుకుని ఉండవచ్చు. అందుకని బయటి డీఎన్ఎస్ సర్వర్‌నూ అడగండి:

```
nslookup -type=mx example.com 8.8.8.8
```

విండోస్‌లో జవాబు ఇలా రావాలి:

```
MX preference = 1, mail exchanger = smtp.google.com
```

మీ ప్రొవైడర్ చెప్పిన వరుసలన్నీ ఉండాలి, వాటికి మించి ఒక్కటీ ఉండకూడదు. ఆ రెండో మాటే ముఖ్యం. తరువాత వేరే ప్రొవైడర్ చిరునామా నుంచి, ఉదాహరణకు మీ సొంత యాహూ చిరునామా నుంచి, ఒక ఉత్తరం పంపి చూడండి. కార్యాలయంలో పక్క బల్లనుంచి పంపిన పరీక్ష లెక్కలోకి రాదు, ఎందుకంటే ఒకే ప్రొవైడర్ లోపల తిరిగే ఉత్తరానికి ఎంఎక్స్‌తో పని పడదు.

అందరి మెయిల్స్ వస్తున్నాయి. మా వెబ్‌సైట్ ఫారం నింపినవాళ్లవి మాత్రం రావడం లేదు. ఎందుకు?

ఫారం ఉత్తరాన్ని పంపేది మీ హోస్టింగ్ సర్వరే. మీ డొమైన్ మెయిల్ ఇంకా తన దగ్గరే ఉందని ఆ సర్వర్ అనుకుంటోంది. అందువల్ల ఎంఎక్స్‌ను అడగకుండానే తన లోపలి పెట్టెలో వేసుకుంటోంది. ఆ పెట్టెను మీరు తీసేసి ఉంటే, అలాంటి చిరునామా లేదని తిప్పేస్తుంది. అదే సర్వర్‌లో సైట్లు ఉన్న ఇతర కంపెనీలు మీకు రాసే ఉత్తరాలకూ ఇదే గతి పట్టవచ్చు.

సీప్యానెల్‌లో `Email Routing` పేజీ తెరిచి, మీ డొమైన్‌కు `Remote Mail Exchanger` ఎంచుకుని సేవ్ చేయండి. `Backup Mail Exchanger` అన్న పేరు చూసి దానికి ఆశపడకండి. వెంటనే ఫారం మీరే ఒకసారి నింపి పరీక్షించండి. అంతకుముందు వచ్చిన విచారణలు పాత వెబ్‌మెయిల్‌లో ఉండవచ్చు, వాటినీ తెరిచి చూడండి.

వచ్చే మెయిల్ బాగుంది. మేము పంపేవి స్పామ్‌లోకి పోతున్నాయి. ప్రయారిటీ మార్చాలా?

అక్కరలేదు. ఎంఎక్స్ వచ్చే ఉత్తరాలకు మాత్రమే. మీ పేరుమీద పంపే హక్కు ఎవరికి ఉందో చెప్పేది ఎస్‌పీఎఫ్ అనే `TXT` రికార్డు. ప్రొవైడర్ మారినప్పుడు దాన్నీ మార్చాలి. గూగుల్‌తోపాటు వెబ్‌సైట్ ఉన్న సర్వర్ కూడా నేరుగా పంపుతుంటే ఇలా ఉంటుంది:

```
v=spf1 a include:_spf.google.com ~all
```

ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. పాతదాని పక్కన కొత్తది చేరిస్తే రెండూ చెల్లవు. కొత్త ప్రొవైడర్ అడ్మిన్ పేజీలో, మీరు పంపే ఉత్తరాలపై సంతకం చేసే డీకిమ్ తాళాన్ని కూడా సృష్టించి, వాళ్లు ఇచ్చిన `TXT` రికార్డును చేర్చి ఆన్ చేయండి.

పాత హోస్టింగ్‌లోని మెయిల్‌బాక్సులను ఎప్పుడు తీసేయవచ్చు?

వారం రోజులు ఉంచండి. ఆ వారంలో రోజూ ఒకసారి పాత వెబ్‌మెయిల్ తెరిచి చూడండి. పాత టీటీఎల్ గడువు దాటాక కూడా అక్కడ కొత్త ఉత్తరం కనిపిస్తే దాన్ని తెరిచి, పూర్తి హెడర్‌లోని `Received` వరుసలన్నీ చదవండి. వాటిలో బయటి సర్వర్ పేరు ఉంటే ఎంఎక్స్ జాబితాలో ఇంకా ఏదో పాత వరుస మిగిలి ఉండవచ్చు. మీ హోస్టింగ్ సర్వర్ సొంత పేరు తప్ప వేరే పేరు లేకపోతే వెబ్‌సైట్ ఫారం ఇంకా లోపలే పడుతోంది. వరుసగా మూడు రోజులు కొత్త ఉత్తరం ఒక్కటీ రాకపోతే పాత మెయిల్స్‌ను కంప్యూటర్‌లోకి దింపుకుని, ఆ పెట్టెలను తీసేయండి.